లింకు తీసేస్తే ఏం మిగులుతుంది?

ఒక స్లాక్ గ్రూపులో నేను పెట్టిన మెసేజ్‌లను అడ్మిన్ తీసేశారు. వాటిలో తప్పుడు సమాచారం లేదు. నేను ఏదీ అమ్మలేదు, ఎవరినీ నొప్పించే మాటా అనలేదు. అయినా తీసేశారు. ఆ రోజు నాకు చాలా బాధ కలిగింది, కొంత కోపం కూడా వచ్చింది. ఆయన చేసింది సరైన పని అని ఇప్పుడు నమ్ముతున్నాను. ఎందుకు సరైనదో పూర్తిగా చెప్పాలని ఇది రాస్తున్నాను. మంచి ఉద్దేశంతో రాసేవాళ్లు కూడా స్పామ్ ముద్ర వేయించుకుంటున్నారు, ఆ తర్వాత రాయడమే మానేస్తున్నారు. ఆ రెండోది నాకు మొదటిదానికంటే పెద్ద నష్టంగా కనిపిస్తుంది.

జరిగింది ఇది. డేటాబేసులతో పనిచేసేవాళ్ల గ్రూపు అది. అందులో చేరి ఏడాదైంది. ఎక్కువగా చదివేవాణ్ణి, రాసింది తక్కువ. పోస్ట్‌గ్రెస్ డేటాబేసులో పెద్ద టేబుళ్లకు, వెతకడం వేగంగా జరగడానికి, ఇండెక్స్ వేసేటప్పుడు వచ్చే చిక్కుల మీద రెండు వారాంతాలు కూర్చుని ఒక వ్యాసం రాశాను. అదే వారం గ్రూపులో ఒకరు ఇలా అడిగారు: "మా ఆర్డర్ల టేబుల్‌కి కొత్త ఇండెక్స్ వేశాం. అది పూర్తయ్యేదాకా సైటులో ఒక్క ఆర్డర్ పడలేదు. ఇంకో రెండు ఇండెక్సులు వేయాలి. సైటు ఆగకుండా వేసే దారి ఏదైనా ఉందా అండీ?"

నేను ఎదురుచూస్తున్న ప్రశ్న అదే. వెంటనే ఆ థ్రెడ్‌లో రాశాను: "మంచి ప్రశ్న. దీని గురించి వివరంగా ఒక వ్యాసం రాశాను, చూడండి." కింద లింకు. అక్కడితో ఆగలేదు. ఇంకెవరికైనా పనికొస్తుందని అదే వాక్యం, అదే లింకు `#general` లో పెట్టాను, మరో రెండు ఛానెళ్లలో పెట్టాను, నేనున్న రెండు వాట్సాప్ గ్రూపుల్లో కూడా పెట్టాను. మొత్తం ఆరు చోట్ల.

గంటలోపే అడ్మిన్ విడిగా మెసేజ్ పెట్టారు. "మీ వ్యాసం చదివాను, బాగా రాశారు. కానీ నాలుగు ఛానెళ్లలో ఒకటే మెసేజ్ కనబడింది, అడిగినావిడకు జవాబు మాత్రం ఎక్కడా కనబడలేదు. మిగతా మూడూ తీసేశాను. థ్రెడ్‌లో ఉన్నదాన్ని మీరే మార్చి రాయండి."

జవాబు వ్యాసంలోనే ఉంది కదా అన్నది నా వాదన. కానీ నిజం వేరు. వ్యాసం మొదలయ్యేది ఇండెక్స్ అంటే ఏమిటో చెప్పడంతో. ఆవిడకు కావలసిన వాక్యం సగం దాటాక ఎక్కడో ఉంది. సైటు ఆగి, పైవాళ్లు అడుగుతుంటే, ఇంకో రెండు ఇండెక్సులు వేయాల్సిన మనిషి ఫోన్లో ఆ పేజీ తెరిచి, కిందికి జరుపుకుంటూ తన ప్రశ్నకు జవాబు తానే వెతుక్కోవాలి. ఒక్క వాక్యంలో చెప్పగలిగినదాన్ని నేను చెప్పకుండా ఆపాను. అలా ఆపి ఉంచి నా పేజీకి రమ్మన్నాను. నా మనసులో ఆ ఉద్దేశం లేకపోవచ్చు, చదివేవాళ్లకు కనిపించేది మాత్రం అదే.

అప్పటి నుంచి ఏ మెసేజ్ పంపే ముందైనా నన్ను నేను ఒకటే అడుగుతున్నాను. ఇందులోంచి లింకు తీసేస్తే ఏం మిగులుతుంది? మిగిలినదాంతో అడిగినవాళ్లకు పని జరుగుతుందా? జరిగితే లింకు ఉండొచ్చు. జరగకపోతే అది జవాబు కాదు, ప్రకటన.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. స్పామ్ అంటే చెత్త సరుకు అనీ, మన సరుకు మంచిదైతే అది స్పామ్ కాదనీ మనలో చాలామందికి ఒక నమ్మకం. నాదీ అదే. కానీ ఈ మాట ఇంటర్నెట్లో స్థిరపడిన రోజుల్లోనే దాన్ని కొలిచినవాళ్లు సరుకు జోలికి వెళ్లలేదు. 1994 ఏప్రిల్‌లో అమెరికాలో ఇద్దరు లాయర్లు, భార్యాభర్తలు, గ్రీన్‌కార్డ్ లాటరీ గురించిన తమ ప్రకటనను యూజ్‌నెట్ అనే అప్పటి చర్చావేదికలోని వేల న్యూస్‌గ్రూపుల్లో పెట్టారు. ఒకే పోస్టును అన్ని గ్రూపులకు కలిపి పంపే సదుపాయం అప్పటికే ఉంది. అలా పంపితే ఒక గ్రూపులో చదివినవాళ్లకు ఇంకో గ్రూపులో అది మళ్లీ ఎదురుకాదు. వాళ్లు అలా చేయలేదు. ఒక్కో గ్రూపుకూ వేరువేరుగా పంపారు. దాంతో ఎన్ని గ్రూపులు తెరిస్తే అన్నిసార్లు అదే ప్రకటన.

ఆ తర్వాత యూజ్‌నెట్‌లో బ్రీడ్‌బార్ట్ ఇండెక్స్ అనే కొలత వాడుకలోకి వచ్చింది. ఒక పోస్టు ప్రతి కాపీ ఎన్ని గ్రూపులకు వెళ్లిందో చూసి, ఆ అంకె వర్గమూలం తీసి, అన్ని కాపీలవీ కూడతారు. ఒకే పోస్టును 9 గ్రూపులకు కలిపి పంపితే కొలత 3. అదే పోస్టును 9 గ్రూపులకు విడివిడిగా పంపితే కొలత 9. 45 రోజుల్లో ఆ అంకె 20 దాటితే దాన్ని స్పామ్‌గా లెక్కగట్టి రద్దు చేయవచ్చు. ఇందులో పోస్టు ఏం చెబుతోందన్న ప్రసక్తే లేదు. అమ్మకమా, దానధర్మమా, శాస్త్ర విషయమా, ఎవరికీ పట్టింపు లేదు. ఎంతమందిని ఎన్నిసార్లు ఆపావు అన్నదే లెక్క.

నా ఆరు మెసేజ్‌ల కొలత ఆ లెక్కన 6. ఇరవైకి చాలా దూరం. కానీ యూజ్‌నెట్‌లో గ్రూపుకో జనం ఉండేవారు. ఒక స్లాక్‌లో నాలుగు ఛానెళ్లలోనూ చాలావరకు ఉండేది అదే మనుషులు. నా వాక్యం కొందరికి నాలుగుసార్లు ఎదురైంది. రెండోసారి చూసినప్పుడే మనిషికి అనిపించేది, "ఇతను మాట్లాడటానికి రాలేదు, పంచిపెట్టడానికి వచ్చాడు" అని. వ్యాసం ఎంత బాగున్నా ఆ అభిప్రాయం మారదు, ఎందుకంటే ఆ పాటికి వ్యాసం తెరవరు.

ఒకటి కంటే ఎక్కువ ఛానెళ్లకు నిజంగానే సంబంధించిన విషయం ఉంటే స్లాక్‌లో మర్యాదైన దారి ఉంది. అసలు మెసేజ్‌ను ఒకచోటే రాయాలి. రెండోచోట దాన్ని కాపీ చేయకుండా, ఆ మెసేజ్‌నే ఫార్వర్డ్ చేసి, పైన ఒక వాక్యంలో ఈ ఛానెల్‌వాళ్లకు ఎందుకు చూపిస్తున్నామో చెప్పాలి. అప్పుడు చర్చ అంతా ఒకే థ్రెడ్‌లో జరుగుతుంది. ఒకరు అక్కడ అడిగింది ఇంకొకరు ఇక్కడ అడిగే అవస్థ ఉండదు. రెండు దాటి మూడో ఛానెల్ గుర్తొచ్చిందంటే నేను ఆగిపోతాను.

ఇక నేను మార్చి రాసిన జవాబు. ఇది పూర్తిగా చూపించడం అవసరం, ఎందుకంటే "ముందు సాయం చెయ్యి" అన్న సలహా వినడానికి తేలిక, రాయడానికి కూర్చుంటే చేతికి అందదు. పాతదాన్ని ఎడిట్ చేసి ఇలా పెట్టాను:

"మామూలుగా ఇండెక్స్ వేస్తే అది పూర్తయ్యేదాకా ఆ టేబుల్‌లోకి రాయడం ఆగిపోతుంది, చదవడం ఆగదు. మీకు కొత్త ఆర్డర్లు పడకపోవడానికి కారణం అదే. ఇలా వేస్తే రాయడం కూడా ఆగదు:

```sql
CREATE INDEX CONCURRENTLY idx_orders_customer
ON orders (customer_id);
```

రెండు విషయాలు గుర్తుంచుకోండి. ఇది మామూలు పద్ధతికంటే ఎక్కువ సమయం తీసుకుంటుంది. ట్రాన్సాక్షన్ లోపల నడవదు, అందుకని మీ మైగ్రేషన్ టూల్ ప్రతిదాన్నీ ట్రాన్సాక్షన్‌లో చుడుతుంటే దీనికి ఒక్కదానికి అది ఆపాలి. మీరు ఏ టూల్ వాడుతున్నారో చెబితే ఎలా ఆపాలో చెబుతాను. ఇదే విషయం మీద నేను రాసిన వ్యాసం ఒకటి ఉంది, మధ్యలో ఆగిపోతే ఏం చేయాలో అందులో ఉంది." చివర లింకు.

ఇందులో లింకు తీసేసి చూడండి. ఆవిడకు పని జరుగుతుంది. లింకు తెరవాల్సిన అవసరం ఉన్నది మధ్యలో ఆగిపోయినవాళ్లకు మాత్రమే. ఆ సంగతి కూడా చెప్పాను కాబట్టి, తెరవాలో వద్దో చదివేవాళ్లు తెరవకుండానే నిర్ణయించుకోగలరు. "వివరంగా రాశాను చూడండి" అన్నదానికీ దీనికీ తేడా అక్కడే ఉంది. మొదటిది తెరిస్తేగానీ లోపల ఏముందో తెలియదు. రెండోది తెరవకముందే చెబుతుంది.

"నేను రాసిన వ్యాసం" అన్న మూడు మాటలు కూడా కావాలనే పెట్టాను. లింకు తనదని చెప్పకుండా "ఈ వ్యాసం బాగుంది, చూడండి" అనేవాళ్లు గ్రూపుల్లో కనిపిస్తారు. తమ కంపెనీ టూల్ గురించి, తామెవరో తెలియనట్టు "ఎవరైనా దీన్ని వాడారా? బాగుందని విన్నాను" అని అడిగేవాళ్లు, కింద సహోద్యోగి వచ్చి "అవును, మేం వాడుతున్నాం, అద్భుతం" అనడం కూడా చూశాను. ప్రొఫైల్ తెరిస్తే ఇద్దరిదీ ఒకటే కంపెనీ. అంతటితో ఆ టూల్ పేరు ఆ గ్రూపులో పోతుంది. తర్వాత నిజంగా వాడి మెచ్చుకున్నవాళ్ల మాట కూడా ఎవరూ నమ్మరు. తనదని చెప్పుకోవడం వల్ల పోయేదేమీ లేదు. పైగా రాసినవాడే ఎదురుగా ఉన్నాడు కాబట్టి సందేహాలు సూటిగా అడగొచ్చు. ఆ మాట లింకుకు ముందే రావాలి, చివర్లో చిన్నగా కాదు.

తర్వాత ఆ థ్రెడ్‌లో జరిగింది నాకు ఇంకా ముఖ్యం. ఆవిడ జాంగో వాడుతున్నామని చెప్పారు. మైగ్రేషన్ ఫైల్లో `atomic = False` పెట్టి, `AddIndexConcurrently` వాడమని రాశాను. గంట తర్వాత మళ్లీ వచ్చారు: "మొదలై చాలాసేపైంది, కదలడం లేదు." నాకు వెంటనే తట్టలేదు. అప్పటిదాకా ఒక్క మాట రాయని ఇంకొకాయన అందుకున్నారు: "ముందు నుంచి తెరిచి ఉన్న ట్రాన్సాక్షన్లు ముగిసేదాకా అది వేచి ఉంటుంది. ఎవరో ఒక పెద్ద రిపోర్టు నడుపుతూ ఉండి ఉంటారు, చూడండి." నిజమే. ఒక రిపోర్టు పొద్దున్నుంచి నడుస్తోంది. దాన్ని ఆపారు, కానీ ఈలోపు ఇండెక్స్ పనిని కూడా ఎవరో రద్దు చేసేశారు. అలా రద్దయితే సగం వేసిన ఇండెక్స్ చెల్లనిదిగా మిగిలిపోతుంది. క్వెరీలకు పనికిరాదు, కానీ ప్రతి కొత్త ఆర్డర్‌తో పాటు దాన్నీ నింపే భారం మాత్రం ఉంటుంది. దాన్ని కనిపెట్టడానికి ఇది ఇచ్చాను:

```sql
SELECT indexrelid::regclass
FROM pg_index WHERE NOT indisvalid;
```

వచ్చిన పేరున్న ఇండెక్స్‌ను తీసేసి మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి పూర్తయింది.

నా వ్యాసంలో ఆ వేచి ఉండే సంగతి లేదు. నాకు తెలిసిందంతా రాశాననుకున్నాను, కానీ అది ఆ థ్రెడ్‌లో, నాకు పరిచయం లేని మనిషి నుంచి వచ్చింది. ఆ రోజే వ్యాసంలో చేర్చి, థ్రెడ్‌లో ఆయనకు చెప్పాను. లింకు పడేసి వెళ్లిపోయి ఉంటే ఆ తప్పు అలాగే ఉండిపోయేది. మెసేజ్ పెట్టాక మనిషి అక్కడే ఉండటం అందుకే అవసరమంటాను. నా లెక్క ఇది: తర్వాతి రెండు గంటలు జవాబు ఇవ్వలేని సమయంలో గ్రూపులో ఏదీ పెట్టను. పెట్టి మాయమయ్యేవాణ్ణి చూస్తే, ఇతనికి మా ప్రశ్నలు కాదు, మా క్లిక్కులు కావాలి అనుకుంటారు. ఆ అనుకోవడంలో తప్పు లేదు.

ఇంకో అలవాటు గురించి గట్టిగానే చెప్పాలి. ఎవరైనా ప్రశ్న అడిగితే "నాకు విడిగా మెసేజ్ పెట్టండి, చెబుతాను" అంటారు. కొందరు నిజంగానే సాయం చేద్దామని అంటారు, అది నాకు తెలుసు. కానీ అడిగినది అందరి ముందు, జవాబు తలుపు వెనక. అదే ఇబ్బంది ఉన్న మిగతావాళ్లకు ఏమీ దక్కదు. చెప్పినదాంట్లో పొరపాటు ఉంటే దిద్దడానికి ఎవరూ ఉండరు. పై కథలో ఆ రిపోర్టు సంగతి చెప్పినాయన విడి మెసేజ్‌లో ఎలా కలుగజేసుకోగలరు? పాస్‌వర్డో, కంపెనీ లోపలి వివరమో బయటపడే ప్రమాదం ఉంటేనే విడిగా వెళ్లాలి, వెళ్లి వచ్చాక తేలినదేమిటో ఒక వాక్యం థ్రెడ్‌లో రాయాలి. ఇక అడగకుండానే గ్రూపు సభ్యుల జాబితా పట్టుకుని ఒక్కొక్కరికీ విడిగా రాయడం గురించి వాదన కూడా అక్కర్లేదు. అది స్పామే.

"తొమ్మిదిసార్లు సాయం చెయ్యి, పదోసారి నీది చెప్పుకో" అన్న నిష్పత్తి ఒకటి చాలా చోట్ల సలహాగా వినిపిస్తుంది. రెడ్డిట్‌లో ఒకప్పుడు ఇలాంటి పదిశాతం మార్గదర్శకమే ఉండేది. దీంతో నేను ఏకీభవించను. అడ్మిన్లకు అది పనికొస్తుంది, ఒక ఖాతా లింకుల కోసమే ఉందా అన్నది చప్పున తేల్చడానికి. కానీ రాసేవాళ్లు దాన్ని కోటాగా పట్టుకుంటే ఏమవుతుందో చూశాను. "బాగా చెప్పారు", "నాదీ ఇదే అనుభవం", "ధన్యవాదాలు, ఉపయోగపడింది" అని వరసగా తొమ్మిది రాసి, పదోది తమ లింకు. ఆ తొమ్మిదీ కూడా పదోదాని కోసమే, ఆ తొమ్మిదీ కూడా స్పామే. మరోవైపు ఏడాదిలో ఒకే ఒక్క మెసేజ్ రాసి, అది తన సొంత టూల్ గురించే అయినా, సరిగ్గా అడిగినదానికి సరిగ్గా సరిపోయేలా చెప్పిన మనిషిని గ్రూపంతా గుర్తుపెట్టుకోవడం కూడా చూశాను. లెక్క పాత మెసేజ్‌లది కాదు, ఇప్పుడు పంపబోయే ఈ ఒక్క మెసేజ్‌ది.

వాట్సాప్ సంగతి వేరు, అక్కడ ఇంకా జాగ్రత్త కావాలి. స్లాక్ థ్రెడ్‌లో ఎంత పొడవు రాసినా అందులో ఉన్నవాళ్లకే నోటిఫికేషన్ వెళ్తుంది. "ఛానెల్‌కు కూడా పంపు" అన్న గడి టిక్ చేస్తేనే అందరికీ కనబడుతుంది. దాన్ని నేను సమస్య తీరాక, తేలిన జవాబు అందరికీ పనికొచ్చేదైతే ఒక్కసారి వాడతాను. `@channel` అయితే ఛానెల్‌లోని అందరినీ, `@here` అయితే ఆ సమయంలో ఆన్‌లైన్‌లో ఉన్నవాళ్లను పిలుస్తుంది. సొంత పని చూపించుకోవడానికి ఆ రెండింటిలో ఏదీ వాడకూడదు. వాట్సాప్ గ్రూపులో ఇలాంటి అరలు లేవు. అందరూ ఒకే గదిలో ఉన్నట్టు. ఒక గ్రూపులో 1,024 మంది దాకా ఉండొచ్చు. 300 మంది ఉన్న గ్రూపే అనుకుందాం. నా మెసేజ్ చూసి, నాకు కాదులే అని పక్కకు నెట్టడానికి ఒక్కొక్కరికి 5 సెకన్లు పట్టినా, మొత్తం 25 నిమిషాలు. ఒకరికి జవాబు చెప్పడానికి అందరి నుంచి ఆ 25 నిమిషాలు తీసుకుంటున్నాను. తీసుకోవద్దని కాదు, తీసుకుంటున్నానని తెలిసి రాయాలి.

అందుకే అక్కడ నా జవాబు ఎప్పుడూ ఒకే మెసేజ్‌గా ఉంటుంది. "నమస్కారం" ఒకటి, "ఇండెక్స్ గురించి" ఒకటి, "ఇలా చేయండి" ఇంకొకటి, ఆ తర్వాత లింకు ఒకటి అని నాలుగు ముక్కలుగా పంపితే ఫోన్ నాలుగుసార్లు మోగుతుంది. అడిగిన మెసేజ్‌ను కోట్ చేసి జవాబివ్వాలి, లేకపోతే మధ్యలో ఇంకో పది మాటలు పడ్డాక ఏది దేనికో తెలియదు. పొరపాటు కనబడితే 15 నిమిషాల్లోపు ఆ మెసేజ్‌నే ఎడిట్ చేయొచ్చు, "సవరణ" అని కొత్తది పంపనక్కర్లేదు. లింకు బొమ్మ పెద్దగా వస్తే పంపేముందే దాన్ని తీసేస్తాను. ఆ బొమ్మ ఉంటే నేను రాసిన రెండు వాక్యాల కంటే అదే ముందు కంట్లో పడుతుంది, చూసేవాళ్లకు మొత్తం మెసేజ్ ప్రకటనలా అనిపిస్తుంది.

ఫార్వర్డ్ గురించి కూడా. ఎక్కడి నుంచో వచ్చిన మెసేజ్‌ను అలాగే పంపితే దానిమీద ఫార్వర్డ్ చేసినదన్న ముద్ర కనిపిస్తుంది, బాగా తిరిగినదైతే చాలాసార్లు ఫార్వర్డ్ అయిందని కూడా. పనివాళ్ల గ్రూపులో ఆ ముద్ర చూడగానే చదవడం మానేస్తారు. నిజంగా పనికొచ్చే సమాచారమైతే, అందులో ఈ గ్రూపుకు ఏది ముఖ్యమో నా మాటల్లో రెండు వాక్యాలు రాసి అసలు మూలం ఇస్తాను. ఆ రెండు వాక్యాలు రాయలేకపోతున్నానంటే నేనే పూర్తిగా చదవలేదన్నమాట.

ఒక అనుభవం చెప్పక తప్పదు. ఒక ప్రొఫెషనల్ గ్రూపులో నా నంబర్ చూసి, నన్ను అడగకుండా ఒక శిక్షణ కోర్సు అమ్మే గ్రూపులో చేర్చారు. బయటికి వచ్చేస్తే రెండోరోజు వేరే నంబర్ నుంచి మళ్లీ చేర్చారు. ఎవరు చేర్చవచ్చో నియంత్రించే సెట్టింగ్ వాట్సాప్ ప్రైవసీలో ఉంది, దాన్ని నా కాంటాక్టులకు పరిమితం చేశాక ఆగింది. కానీ నేను మొదటి గ్రూపులో కూడా మాట్లాడటం తగ్గించాను. ఒకరు జాబితాను దోచుకుంటే, నష్టపోయేది ఆ జాబితా ఎవరి నమ్మకం మీద ఏర్పడిందో ఆ గ్రూపు.

"అయితే మా పని పదిమందికీ ఎలా తెలియాలి?" అని ఒక మిత్రుడు అడిగాడు. చిన్న టూల్ ఒకటి తయారుచేసి, ఎక్కడ పెట్టినా స్పామ్ అంటున్నారని దిగులుపడుతున్నాడు. న్యాయమైన ప్రశ్న. ఎవరో అడిగేదాకా నోరు మూసుకోవాలంటే కొత్తవాళ్ల పని ఎప్పటికీ బయటపడదు. చాలా స్లాక్ గ్రూపుల్లో సొంత పని చూపించుకోవడానికే `#show-and-tell` లాంటి ఛానెల్ ఉంటుంది. అక్కడ చూపించడం హక్కే. కానీ అక్కడ కూడా అతను రాసింది, "మా కొత్త టూల్ వచ్చేసింది, ప్రయత్నించి అభిప్రాయం చెప్పండి" అని. అభిప్రాయం అంటే దేని మీద? ఎవరికీ అంతుపట్టక ఎవరూ చెప్పలేదు.

ఇద్దరం కూర్చుని మార్చాం. ఈ టూల్ ఏ పని చేస్తుందో ఒక వాక్యం. ఏ పని చేయలేదో ఇంకో వాక్యం: "ఒకేసారి రెండు సర్వర్లను పోల్చడం దీనికి రాదు." అతను ఇంకా తేల్చుకోలేకపోతున్న నిర్ణయం ఒకటి: "తేడాలను ఫైలు వారీగా చూపించాలా, సమయం వారీగానా? మీరు రోజూ చూసేది ఏది?" దానికి జవాబులు వచ్చాయి, ఎందుకంటే ఆ ప్రశ్నకు టూల్ వాడకుండానే జవాబు చెప్పొచ్చు. జవాబు చెప్పినవాళ్లలో కొందరు తర్వాత టూల్ తెరిచి చూశారు. చేయలేనిదాన్ని ముందే చెప్పడం అతనికి మొదట ఇష్టం లేదు. కానీ అమ్మేవాడు రాయని వాక్యం అదొక్కటే. దాన్ని చూశాకే చదివేవాళ్లు ఇతను మనలో ఒకడు అనుకుంటారు.

మనం రాసింది ఎలా తగిలిందో తెలుసుకోవడానికి అడ్మిన్ మందలించేదాకా ఆగనక్కర్లేదు. ఎమోజీలు లెక్కపెట్టుకోవడం దండగ, అవి ఎక్కువగా పరిచయస్థులవే. నేను చూసే గుర్తు ఒకటుంది. నా మెసేజ్ తర్వాత ఇంకొకరు వచ్చి, నేను చెప్పినదే మళ్లీ చెబుతున్నారా? అలా జరిగితే నాది ఎవరూ చదవలేదు, లింకు అని చూసి దాటేశారు అని అర్థం. అదే నా మెసేజ్‌లోని ఒక మాట పట్టుకుని "అది మా దగ్గర పనిచేయలేదు" అని ఎవరైనా కాదన్నారంటే, చదివారన్నమాట. నాకు ఆ కాదనడం పొగడ్త కంటే విలువైనది.

లింకుకు ఒక గొప్ప ప్రయోజనం కూడా ఉంది, దాన్ని తక్కువ చేయను. డబ్బు కట్టని స్లాక్‌లో 90 రోజులు దాటిన మెసేజ్‌లు కనిపించవు. చాలా గ్రూపులు అలాంటివే. మేం ముగ్గురం కలిసి తేల్చిన ఆ థ్రెడ్ కూడా ఇప్పుడు ఎవరికీ కనబడదు. వాట్సాప్‌లో పాతది వెతకడం ఎంత కష్టమో అందరికీ తెలిసిందే. అందుకే అదే ప్రశ్న కొన్ని నెలలకోసారి తిరిగి వస్తుంది. థ్రెడ్‌లో తేలిన జవాబు నిలిచి ఉండాలంటే అది బయట ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి, దాన్ని ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని తేవాలి.

మొన్న అదే గ్రూపులో వేరే ఒకరు అదే అడిగారు. ఇండెక్స్ వేస్తే టేబుల్ ఆగిపోతోంది, ఏం చేయాలి అని. నేను చూసేసరికి జవాబు వచ్చి ఉంది. రాసింది మొదటిసారి ఆ ప్రశ్న అడిగినావిడే. కమాండ్ ఇచ్చారు, ట్రాన్సాక్షన్ సంగతి చెప్పారు, తెరిచి ఉన్న రిపోర్టులను ముందే చూసుకోమని హెచ్చరించారు, అది తమకు ఎలా ఎదురైందో కూడా రాశారు. చివర నా వ్యాసం లింకు, పక్కన "మధ్యలో ఆగిపోతే మాత్రమే చూడండి" అన్న మాట. నేను చేర్చడానికి ఏమీ మిగల్లేదు. ఆ కొత్తతను ఏ టూల్ వాడుతున్నారో చెప్పలేదు, అదొక్కటి అడిగి, జవాబు కోసం ఆ థ్రెడ్ తెరిచే ఉంచాను.